కొత్త పోస్టు మంజూరు జీవో: ఏ పేరాలో ఏం రాయాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది

కొత్త పోస్టు మంజూరు చేసే జీవో ఒకటి రెండు పేజీలకు మించి ఉండదు. దాని వెనక ఉండే ఫైలు మాత్రం వంద పేజీలు ఉండొచ్చు. సచివాలయం దాటి బయటికి వెళ్ళేది ఆ ఒకటి రెండు పేజీలే. నియామకం చేసే కలెక్టరు గానీ, జీతం బిల్లు పాస్ చేసే ట్రెజరీ అధికారి గానీ, తర్వాత లెక్క చూసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం గానీ నోట్ ఫైల్ చూడరు. ఫైల్లో ఎంత స్పష్టంగా నిర్ణయం జరిగినా, జీవోలో పడని మాట వారి దృష్టిలో లేనట్టే. డ్రాఫ్ట్ రాసే సెక్షన్ ఆఫీసరు ప్రతి వాక్యం దగ్గరా ఇది ఎవరి కోసం, వారు దీన్ని చదివి ఏం చేయాలి అని చూసుకుంటే ముసాయిదాలో వచ్చే లోపాల్లో చాలా భాగం అక్కడే తీరిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రెవెన్యూ డివిజన్ కొత్తగా ఏర్పడింది. ఆర్డీవో కార్యాలయానికి ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు, ఒక ఆఫీస్ సబార్డినేట్ కావాలని కలెక్టరు అడిగారు. భూపరిపాలన ప్రధాన కమిషనర్, అంటే సీసీఎల్ఏ, ఆ ప్రతిపాదనను సిఫారసు చేసి ప్రభుత్వానికి పంపారు. ఆర్థిక శాఖ ఒక్క జూనియర్ అసిస్టెంట్ పోస్టుకే ఒప్పుకుంది. ఇక జీవో రాయాలి.

కలం పట్టే ముందు ఫైల్లో రెండు కాగితాలు చేతికి అందేలా పెట్టుకోవాలి. ఒకటి, ఆర్థిక శాఖ తన సమ్మతిని తెలుపుతూ మన శాఖకు పంపిన అంతర్గత కాగితం, అంటే యు.ఓ. నోట్. రెండోది, ఆ సమ్మతి తర్వాత మంత్రి స్థాయిలోనో, కేసును బట్టి అంతకు పైనో వచ్చిన ఆమోదం. సమ్మతి నోట్‌ను చివరి వాక్యం దాకా చదవాలి. "అంగీకరించడమైనది" అన్న మాటకే పరిమితమైతే దాని కింద ఉన్న షరతు తప్పిపోతుంది. బదులుగా మరో పోస్టును రద్దు చేయాలనో, పదోన్నతి ద్వారా మాత్రమే నింపాలనో, ఈ సంవత్సరం అదనపు బడ్జెట్ అడగకూడదనో అందులో ఉండొచ్చు. షరతు జీవోలోకి రాకపోతే ఆ సమ్మతి కింద జారీ అయిన ఉత్తర్వు దాన్నే దాటినట్టవుతుంది.

ఖర్చు అంచనా నోట్ ఫైల్లో ఉంటుంది, జీవోలోకి రానక్కర్లేదు. కానీ అది తప్పైతే మొత్తం పని వెనక్కి వస్తుంది. 2022 వేతన సవరణలో జూనియర్ అసిస్టెంట్ స్కేలు 25,220-80,910. లెక్క కోసం కరువు భత్యం 30 శాతం, ఇంటి అద్దె భత్యం 10 శాతం అనుకుందాం. మూలవేతనం 25,220, కరువు భత్యం 7,566, అద్దె భత్యం 2,522, కలిపి నెలకు 35,308 రూపాయలు. ఏడాదికి 4,23,696. అసలు ఫైల్లో ఆ రోజు అమల్లో ఉన్న రేట్లే వేయాలి. పాత ఫైలు నుంచి లెక్క ఎత్తి రాస్తే కరువు భత్యం రేటు దగ్గరే దొరికిపోతుంది, ఆర్థిక శాఖ ప్రశ్న వేసి ఫైలు తిప్పి పంపుతుంది.

ఇప్పుడు ముసాయిదా. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం

సంగ్రహం

రెవెన్యూ శాఖ – సిబ్బంది – …… జిల్లా – …… రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయం – ఒక (1) జూనియర్ అసిస్టెంట్ పోస్టు సృష్టి – మంజూరు – ఉత్తర్వులు జారీ చేయడమైనది.

రెవెన్యూ (సర్వీసులు) శాఖ

జి.ఓ.ఎం.ఎస్.నెం. ……                తేదీ: ……

ఈ క్రింది వాటిని చూడండి:

1. డివిజన్ ఏర్పాటుపై జి.ఓ.ఎం.ఎస్.నెం. ……, తేదీ ……

2. …… జిల్లా కలెక్టరు లేఖ నెం. ……, తేదీ ……

3. భూపరిపాలన ప్రధాన కమిషనర్ లేఖ నెం. ……, తేదీ ……

ఉత్తర్వు:

పై 1వ పత్రంలోని ఉత్తర్వుల ద్వారా …… రెవెన్యూ డివిజన్ ఏర్పాటైనది. పై 2వ పత్రంలో …… జిల్లా కలెక్టరు సదరు డివిజనల్ కార్యాలయానికి అదనపు సిబ్బందిని మంజూరు చేయవలసిందిగా కోరియున్నారు. పై 3వ పత్రంలో భూపరిపాలన ప్రధాన కమిషనర్ ఆ ప్రతిపాదనను సిఫారసు చేసియున్నారు.

2. ప్రభుత్వం ఈ విషయాన్ని పరిశీలించిన మీదట, …… జిల్లా, …… రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయంలో రూ.25,220-80,910 వేతన స్కేలులో ఒక (1) జూనియర్ అసిస్టెంట్ పోస్టు సృష్టిని ఇందుమూలముగా మంజూరు చేయడమైనది.

3. పై పోస్టు భర్తీ అయిన తేదీ నుండి, ఫిబ్రవరి …… చివరి తేదీ వరకు లేదా దాని అవసరం తీరే వరకు, ఏది ముందైతే అంతవరకు అమలులో ఉండును.

4. ఇందుకగు వ్యయమును "2053 జిల్లా పరిపాలన – 094 ఇతర సిబ్బంది వ్యవస్థలు – ఉప పద్దు (……) – 010 జీతములు" పద్దు క్రింద ఖర్చు వ్రాయవలెను.

5. ఈ పోస్టు భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి విడిగా పొందవలెను.

6. ఈ ఉత్తర్వులు ఆర్థిక శాఖ యు.ఓ.నెం. ……, తేదీ …… ద్వారా తెలిపిన సమ్మతితో జారీ చేయడమైనది.

(ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరిట)

ప్రభుత్వ ప్రత్యేక ప్రధాన కార్యదర్శి

పైనుంచి మొదలుపెడితే, సంగ్రహంలో శాఖ, విషయం, కార్యాలయం, పోస్టు, చర్య ఒకదాని వెంట ఒకటి గీతలతో వస్తాయి. రిజిస్టర్లోనూ, ఆన్‌లైన్ జాబితాలోనూ కనిపించేది ఇదొక్కటే. సంగ్రహంలోని పోస్టు పేరు, సంఖ్య రెండో పేరాతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. పైన "పోస్టుల సృష్టి" అని బహువచనం ఉండి కింద ఒకే పోస్టు ఉంటే పాత జీవోను దిద్ది వాడుకున్నారన్నది చూడగానే తెలిసిపోతుంది. నంబరు, తేదీ ముసాయిదాలో ఖాళీగానే ఉంటాయి, జారీ చేసే రోజున పడతాయి. ఇక ఎం.ఎస్., ఆర్.టి. శ్రేణుల తేడా: ఒక ఉద్యోగికో, ఒక సందర్భానికో చెందిన మామూలు వ్యవహారాలు ఆర్.టి.లో వెళ్తాయి. పోస్టు మంజూరు కేడర్ సంఖ్యనే మారుస్తుంది, ఏళ్ళ తర్వాత కూడా వెతుక్కోవలసిన ఉత్తర్వు. కాబట్టి ఎం.ఎస్. శ్రేణే సరైనది.

"ఈ క్రింది వాటిని చూడండి" కింద పత్రాలు తేదీల వరుసలో ఉండాలి. అక్కడ ఎక్కిన ప్రతి పత్రం ఉత్తర్వులో ఎక్కడో ఒకచోట ప్రస్తావనకు రావాలి. రాని పత్రాన్ని జాబితా నుంచి తీసేయడమే మంచిది. ఆర్థిక శాఖ యు.ఓ. నోట్ శాఖల మధ్య అంతర్గత కాగితం, దాని చోటు చివర సమ్మతి పేరాలో.

ఉపోద్ఘాతపు పేరాకు నంబరు ఉండదు. అది మొదటి పేరా కింద లెక్క, నంబర్లు 2 నుంచి మొదలవుతాయి. కొత్తగా డ్రాఫ్ట్ రాసేవారు దీన్ని 1 అని మొదలుపెట్టి, తర్వాత "పై పేరా 2లో" అన్న ప్రస్తావనలన్నీ తప్పు పేరాకు అతికిస్తుంటారు.

ఈ పేరా పని ఎవరు ఏం అడిగారో చెప్పడమే. నిర్ణయం ఇక్కడికి రాకూడదు. మన ఉదాహరణలో అడిగింది మూడు పోస్టులు, ఇచ్చింది ఒకటి. ఉపోద్ఘాతంలో మూడు పోస్టుల వివరం రాసి, రెండో పేరాలో "ప్రభుత్వం పై ప్రతిపాదనను ఆమోదించడమైనది" అని ముగిస్తే మంజూరైంది ఒకటా మూడా అన్నది తేలదు. జిల్లాలో మూడని చదువుకుంటారు, ట్రెజరీ ఒకటేనంటుంది, స్పష్టత కోరుతూ లేఖ మళ్ళీ సచివాలయానికే వస్తుంది. అందుకే పై ముసాయిదాలో ఉపోద్ఘాతం "అదనపు సిబ్బంది" దగ్గర ఆగింది, సంఖ్య రెండో పేరాలో మాత్రమే వచ్చింది. పరీక్ష తేలికే: మిగతా పేరాలన్నీ చేత్తో మూసి రెండో పేరా ఒక్కటే చదవాలి. ఎన్ని పోస్టులు, ఏ పోస్టు, ఏ స్కేలు, ఏ కార్యాలయం అన్నవి నాలుగూ అందులోనే దొరకాలి.

రెండో పేరాలో క్రియ మీద శ్రద్ధ పెట్టాలి. "మంజూరు చేయడమైనది" అంటే మంజూరు. "సూత్రప్రాయంగా అంగీకరించడమైనది", "తగు చర్య తీసుకొనవలసిందిగా అనుమతించడమైనది" అంటే మంజూరు కాదు. అలాంటి మాట మీద జీతం బిల్లు పెడితే ట్రెజరీ అభ్యంతరం చెప్పడం న్యాయమే. సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. స్కేలు పూర్తిగా, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రాయాలి. "వర్తించే స్కేలులో" అని వదిలేస్తే ఆ పోస్టుకు నిర్దిష్ట వేతనం నిర్ణయించినట్టు కాదు. ఫండమెంటల్ రూల్స్‌లో 9(22), 9(30) ఇచ్చే నిర్వచనాల ప్రకారం శాశ్వత పోస్టుకైనా తాత్కాలిక పోస్టుకైనా నిర్దిష్టమైన వేతన రేటు ఉండి తీరాలి.

పోస్టు పేరు దగ్గర జరిగే తప్పు మిగతావాటికంటే ఖరీదైనది. జూనియర్ అసిస్టెంట్ అన్న కేటగిరీ 1998 నాటి ఆంధ్రప్రదేశ్ మినిస్టీరియల్ సర్వీస్ రూల్స్‌లో ఉంది. కాబట్టి అర్హతలు, నియామక విధానం, నియామకాధికారి అన్నీ వెంటనే దొరుకుతాయి. అదే జీవోలో అవసరాన్ని బట్టి "కంప్యూటర్ రికార్డు అసిస్టెంట్" వంటి పేరు పెడితే ఆ పేరుతో ఏ రూల్స్‌లోనూ కేటగిరీ ఉండదు. ఎవరు నియమించాలి, ఏ చదువు కావాలి, పదోన్నతి ఎటు అన్నదేదీ తేలదు. రాజ్యాంగం 309వ అధికరణ కింద ప్రత్యేక నిబంధనలు వచ్చేదాకా పోస్టు కాగితం మీదే ఉండిపోతుంది. నిజంగా కొత్త కేటగిరీయే కావాలంటే నిబంధనల ముసాయిదా కూడా అదే ఫైల్లో కదపాలి.

పేరుకు తోడు కేడర్ సంగతి ఉంది. 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఎల్డీసీ, అంటే ఇప్పటి జూనియర్ అసిస్టెంట్ స్థాయి, ఆ కింది స్థాయి పోస్టులను జిల్లా స్థానిక కేడర్లుగా ఏర్పరిచాయి. తెలంగాణలో ఆ స్థానంలో 2018 ఉత్తర్వులు వచ్చాయి. మంజూరులో జిల్లా పేరు ఉంటేనే పోస్టు ఏ కేడర్ సంఖ్యలో కలిసిందో తెలుస్తుంది. "సీసీఎల్ఏ పరిధిలో ఒక పోస్టు" అని రాస్తే అది ఏ జిల్లా అభ్యర్థులకు స్థానికమో చెప్పే ఆధారం ఉండదు. నియామకం మీద కేసు పడితే అక్కడే పట్టుకుంటారు.

మూడో పేరాలో రెండు తేదీలు ఉంటాయి. మొదలు ఎప్పుడన్నదానికి "భర్తీ అయిన తేదీ నుండి" అన్నదే క్షేమం. జీవో తేదీకి ముందు తేదీ వేసి వెనక నుంచి పోస్టు సృష్టిస్తే అప్పటికే పనిచేస్తున్న ఎవరికో జీతం కోసం చేసినట్టు కనిపిస్తుంది. ఆర్థిక శాఖ ఆ వెనక తేదీకి స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప రాయకూడదు. ముగింపు తేదీగా తాత్కాలిక పోస్టులకు ఫిబ్రవరి నెలాఖరు వేయడం మన దగ్గర పాత పద్ధతి. మార్చి జీతం ఏప్రిల్లో చెల్లిస్తారు కాబట్టి అది తర్వాతి ఆర్థిక సంవత్సరం ఖర్చు, ఫిబ్రవరి జీతంతో ఆ సంవత్సరం లెక్క ముగుస్తుంది. ఏటా కొనసాగింపు ఉత్తర్వు రావాలి. అది ఆలస్యమైతే ఉద్యోగి పనిలో ఉన్నా మార్చి నెల బిల్లు నిలిచిపోతుంది. ఫైల్లో శాశ్వత పోస్టుకే ఆమోదం వచ్చి ఉంటే ఈ పేరాలో ముగింపు తేదీ ఉండకూడదు. తాత్కాలిక పోస్టు జీవోను నమూనాగా తీసుకున్నప్పుడు ఆ వాక్యం పొరపాటున ఉండిపోతుంది, శాశ్వతంగా ఒప్పుకున్న పోస్టు ఏడాదికి కుదించుకుపోతుంది.

నాలుగో పేరాలోని పద్దును ఎవరి జ్ఞాపకం నుంచీ రాయకూడదు. అదే తరహా కార్యాలయంలో ఇప్పుడు జీతాలు డ్రా చేస్తున్న డీడీఓ వాడే పద్దును బడ్జెట్ పుస్తకంతో సరిచూసుకుని, మేజర్ హెడ్ నుంచి 010 జీతాల దాకా పూర్తిగా ఎక్కించాలి. ఆర్డీవో కార్యాలయం కలెక్టరేట్‌కు చెందినదే అయినా, 093 జిల్లా సిబ్బంది వ్యవస్థల కిందికి రాదు, 094 కిందికి వస్తుంది. మైనర్ హెడ్ ఒకటి మారితే కేటాయింపు లేని చోట ఖర్చు పడుతుంది. 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర విభజన ఎత్తేశారు. ఇప్పటికీ "ప్రణాళికేతర" అన్న మాట కనిపించిందంటే ఆ పేరా పాత నమూనా నుంచి వచ్చిందని అర్థం, పద్దు మొత్తాన్నీ మళ్ళీ సరిచూడాలి.

అయిదో పేరా ఎందుకని చాలామంది తీసేస్తారు. అక్కడే గందరగోళం మొదలవుతుంది. పోస్టు మంజూరు వేరు, దాన్ని భర్తీ చేయడానికి అనుమతి వేరు, జీతానికి బడ్జెట్ ఉండడం వేరు. మంజూరుతో కేడర్లో ఒక ఖాళీ పుడుతుంది, అంతే. ఆ ఖాళీని నేరుగా నింపాలంటే ఆర్థిక శాఖ మరో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా ఆ పోస్టుకు ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లో పొజిషన్ ఐడీ సృష్టించి, దానికి ఉద్యోగిని జతచేస్తేనే జీతం బిల్లు తయారవుతుంది. ఆ ఐడీ కోసం పెట్టే విజ్ఞప్తికి ఆధారం ఈ జీవోయే. పేరు, సంఖ్య, కార్యాలయం, పద్దు అనే నాలుగు వివరాల్లో ఏది తప్పినా అక్కడే ఆగిపోతుంది. ఉద్యోగి చేరి రెండు మూడు నెలలైనా జీతం రాలేదన్న ఫిర్యాదు వస్తే మొదట చూడవలసింది జీవో రెండో, నాలుగో పేరాలనే. ఇక మంజూరు జీవోలోనే ఫలానా వ్యక్తిని ఆ పోస్టులో నియమిస్తున్నామని రాయడం ఏ పరిస్థితిలోనూ తగదు. పోస్టు అవసరం కోసం పుట్టిందా, మనిషి కోసం పుట్టిందా అన్న ప్రశ్నకు ఆ వాక్యమే జవాబైపోతుంది.

సమ్మతి పేరాలో యు.ఓ. నంబరు, తేదీ రెండూ ఉండాలి. లేకపోతే ట్రెజరీ ఉత్తర్వును పక్కన పెడుతుంది. ఆర్థిక భారం పడే ఉత్తర్వును ఆ శాఖను సంప్రదించకుండా ఇవ్వడానికి ప్రభుత్వ బిజినెస్ రూల్స్ ఒప్పుకోవు కాబట్టి సంప్రదింపు జరిగిందన్న సాక్ష్యం కోసం వారు చూసేది ఈ పేరాలోనే.

గవర్నరు పేరిట ఉండే వాక్యాన్ని మర్యాద కోసం పెట్టిన ముగింపుగా చూడకూడదు. రాజ్యాంగం 166(1) ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్య ప్రతిదీ గవర్నరు పేరిటే వ్యక్తం కావాలి. 166(2) ప్రకారం నిబంధనల్లో చెప్పిన పద్ధతిలో ధ్రువీకరించిన ఉత్తర్వును, ఇది గవర్నరు చేసినది కాదన్న కారణంతో ప్రశ్నించడానికి వీల్లేదు. ఆ వాక్యం, దాని కింద అధికారం ఉన్న కార్యదర్శి సంతకం కలిసి ఈ రక్షణ ఇస్తాయి. వాక్యం లేనంత మాత్రాన ఉత్తర్వు దానంతటదే చెల్లకుండా పోదని 1952లో దత్తాత్రేయ మోరేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అప్పుడు ఉత్తర్వు నిజంగా ప్రభుత్వానిదేనని వేరే ఆధారాలతో రుజువు చేసుకునే భారం ప్రభుత్వం మీద పడుతుంది. 1962 నాటి బచ్చిత్తర్ సింగ్ తీర్పు దీనికి మరో వైపు చూపిస్తుంది: ఫైలు మీద మంత్రి రాసిన నోట్ దానంతట అది ప్రభుత్వ ఉత్తర్వు కాదు, గవర్నరు పేరిట వ్యక్తమై, సంబంధితులకు తెలియజేసేదాకా దాన్ని మార్చుకోవచ్చు. "మంత్రిగారు సంతకం పెట్టేశారు, పోస్టు వచ్చినట్టే" అనుకుని ఖాళీల జాబితాలో చేర్చే కార్యాలయాలకు ఈ తీర్పు తెలిసి ఉండాలి.

ఆ వాక్యం కింద కార్యదర్శి పేరు, ఆ రోజు ఆయన ఉన్న హోదా ఉంటాయి. అధికారి బదిలీ అయిన వారంలో పాత పేరుతో ఫెయిర్ కాపీ వెళ్ళడం తరచూ జరిగేదే. ప్రధాన కార్యదర్శి, ప్రత్యేక ప్రధాన కార్యదర్శి, కార్యదర్శి హోదాలు ఒకదానికొకటి పొరపాటుగా పడుతుంటాయి కూడా. పేజీ అడుగున "ఉత్తర్వు మేరకు పంపడమైనది" అన్నదాని కింద సెక్షన్ ఆఫీసరు పెట్టే సంతకం నకలు పంపుతున్నందుకే, అది ఉత్తర్వును ధ్రువీకరించదు. శాఖాధిపతి తన స్థాయిలో ఇచ్చే ప్రొసీడింగ్స్‌లో గవర్నరు వాక్యం ఉండకూడదు, ఎందుకంటే అవి ప్రభుత్వ ఉత్తర్వులు కావు. అదే కారణంతో పోస్టు మంజూరును మెమోగా పంపకూడదు.

ప్రతులు ఎవరికి వెళ్ళాలన్నది కూడా ముసాయిదాలో భాగమే. "కు" కింద సీసీఎల్ఏ, కలెక్టరు, జిల్లా ట్రెజరీ అధికారి, అకౌంటెంట్ జనరల్ ఉండాలి. ఆర్థిక శాఖకు, ఆర్డీవోకు "ప్రతి" వెళ్ళాలి. ట్రెజరీ పేరు తప్పిపోతే డీడీఓ జిరాక్స్ పట్టుకుని వెళ్తారు, ట్రెజరీ వారు నేరుగా వచ్చిన ప్రతి కావాలంటారు.

జారీ అయ్యాక తప్పు కనబడితే ఫెయిర్ కాపీని చేత్తో దిద్దడం, అదే నంబరుతో మరో ప్రతి అప్‌లోడ్ చేయడం రెండూ కూడవు. కొత్త నంబరుతో సవరణ ఉత్తర్వు ఇవ్వాలి. అందులో అసలు జీవో నంబరు, తేదీ చెప్పి, ఏ పేరాలో ఏ మాటకు బదులు ఏ మాట చదువుకోవాలో రాయాలి. అది అసలు జీవో అందిన ప్రతి ఒక్కరికీ వెళ్ళాలి. అచ్చుతప్పు అయితే అంతటితో సరిపోతుంది. సంఖ్య, స్కేలు, పద్దు, కాలపరిమితి మారుతుంటే అది ఆర్థిక భారంలో మార్పే. ఆ సవరణకు ఆర్థిక శాఖ సమ్మతి మళ్ళీ తీసుకోవాలి, కొత్త యు.ఓ. నంబరు సవరణ జీవోలో పడాలి.